అచ్చుతప్పు ఎక్కడ పుట్టింది?

స్వాతి మా తమ్ముడి కూతురు. బీఎస్సీ పూర్తి చేసి, పై చదువుకి బయటి దేశం వెళ్దామని పాస్‌పోర్టుకి పెట్టుకుంది. పుట్టిన తేదీకి పంచాయతీవాళ్లిచ్చిన జనన ధ్రువపత్రం, చదువుకి పదో తరగతి మెమో పట్టుకెళ్లింది. కౌంటర్లో ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో 12-06-2003, రెండోదాంట్లో 06-12-2003. పని అక్కడితో ఆగింది. ఇంటికొచ్చి బీరువాలోంచి మిగతా కాగితాలన్నీ తీసి చూసుకుంటే ఇంకొకటి బయటపడింది. ఇంటిపేరు పసుపులేటి. మెమోలో PASUPULETI అనే ఉంది. డిగ్రీ పట్టాలో మాత్రం PASUPLETI. నడుమ ఒక యూ ఎగిరిపోయింది. మూడేళ్ల సెమిస్టర్ మెమోల్లోనూ అంతే. అన్నేళ్లూ ఎవరూ చూడలేదు. (పేర్లూ తేదీలూ మార్చి రాస్తున్నాను. తప్పులు మాత్రం ఆ తరహావే.)

"పెదనాన్నా, వీటిని సరిచేయించాలంటే ఎక్కడ అప్లై చెయ్యాలి?" అని ఫోను. నేను ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసి, అందులో చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా నామినల్ రోల్స్ మీద సంతకాలు పెట్టి రిటైరైనవాణ్ణి. అందుకని చుట్టపక్కాల్లో ఎవరి మెమోలో ఏం తేడా వచ్చినా ఫోను నాకే వస్తుంది. అందరూ అడిగేదీ ఇదే ప్రశ్న. నేను తిరిగి అడిగేది మాత్రం వేరు: ఆ తప్పు మొదట ఏ కాగితంలో పుట్టింది? అది తేలకుండా దరఖాస్తు పెడితే ఆర్నెల్లు తిరిగాక "మా రికార్డు ప్రకారం సరిగ్గానే ఉంది" అని ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపుతారు. అలా రాసినవాళ్లది తప్పని కూడా అనలేం.

మన పేరు, పుట్టిన తేదీ డిగ్రీ పట్టాదాకా ఎలా నడిచొస్తాయో చూద్దాం. బడిలో చేర్చిన రోజు అడ్మిషన్ రిజిస్టర్లో రాస్తారు. ప్రాథమిక పాఠశాల నుంచి హైస్కూలుకి వచ్చినప్పుడు రికార్డు షీటు చూసి అక్కడి రిజిస్టర్లోకి ఎక్కిస్తారు. పదో తరగతి పరీక్షకి ముందు హెడ్మాస్టరు ఆ రిజిస్టరు చూసి నామినల్ రోల్ తయారుచేసి పరీక్షల బోర్డుకి పంపుతాడు. ఇప్పుడది ఆన్‌లైనులో నింపడమే. బోర్డు నామినల్ రోల్లో ఉన్నది ఉన్నట్టు మెమో మీద అచ్చేస్తుంది. ఇంటర్ బోర్డుకి ఆ మెమోయే ఆధారం. డిగ్రీ కాలేజీ అడ్మిషన్ ఫారం నింపేదీ ఆ మెమో చూసే. విశ్వవిద్యాలయం ఆ ఫారంలో ఉన్నదాన్ని సెమిస్టర్ మెమోలకీ, ప్రొవిజనల్‌కీ, పట్టాకీ వాడుకుంటుంది. ప్రతి కార్యాలయానికీ తన కంటే ముందున్న కాగితమే ప్రమాణం. వెనకనున్నదాన్ని చూసి ముందున్నదాన్ని దిద్దరు. డిగ్రీలో సరిగ్గా ఉంది కదా అని ఆ పట్టా చూపించి పదో తరగతి మెమో మార్చమంటే నవ్వుతారు.

అందుకే వీటిని రెండు రకాలుగా విడగొట్టుకోవాలి. ముందు కాగితంలో సరిగ్గా ఉండి, ఎక్కించేటప్పుడు తప్పు పడితే అది దిద్దుబాటు. ఆఫీసు పని, దారి ఉంది, ఓపిక ఉంటే అవుతుంది. ముందు కాగితంలోనే అలా ఉండి, ఇప్పుడు మనం వేరేలా కావాలంటే అది మార్పు. మార్పుకి బోర్డు గుమాస్తాకి అధికారమే లేదు. స్వాతి విషయంలో డిగ్రీ తప్పు మొదటి రకమేనని చూడగానే తెలుస్తోంది, పదో తరగతి మెమోలో యూ ఉంది కాబట్టి. పుట్టిన తేదీ ఏ రకమో మాత్రం బడికి వెళ్లి రిజిస్టరు తెరిస్తే గాని చెప్పలేం.

వెళ్లాం. మండల కేంద్రంలో జిల్లా పరిషత్ హైస్కూలు. ఇప్పుడున్న హెడ్మాస్టరు నాకు పాత పరిచయం. అటెండరు బీరువా పైఅరలోంచి ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు దించాడు. స్వాతి ఆరో తరగతిలో చేరిన ఏడు వెతికి, వేలు పెట్టి ఒక్కొక్క వరుసా దిగాం. అడ్మిషన్ రిజిస్టర్లో పుట్టిన తేదీకి అంకెల్లో ఒక గడి, అక్షరాల్లో ఒక గడి ఉంటాయి. అంకెల్లో 12-6-03 అని ఉంది. పక్కన నీలం సిరాతో "పన్నెండు జూన్ రెండువేల మూడు" అని రాసి ఉంది, ఎవరో పాత మాస్టారి గుండ్రటి దస్తూరీ. ఆ ఒక్క గడితో పని సగం అయిపోయింది. అంకెలు ఎటునుంచైనా చదువుకోవచ్చు. జూన్ అన్న మాటని డిసెంబరుగా చదవడం ఎవరి తరమూ కాదు.

మెమో మీద కూడా తేదీ అక్షరాల్లో ఉంటుంది కదా, అది పట్టివ్వలేదా అని అడగొచ్చు. పట్టివ్వదు. మెమో మీది అక్షరాలు మనిషి రాసినవి కావు. నామినల్ రోల్లో నెల గడిలో 12 పడితే అక్షరాల్లోనూ డిసెంబరే వస్తుంది. రోజూ నెలా తారుమారయ్యే తప్పు రోజు 12 లోపున్నవాళ్లకే పడుతుంది, 12 దాటితే కంప్యూటరే ఒప్పుకోదు. మీ పిల్లల పుట్టినరోజు 1 నుంచి 12 లోపల ఉంటే ఆ మెమో ఒకసారి తీసి చూడండి.

ఈ తప్పు ఎలా జరుగుతుందో నాకు తెలుసు, నేనూ చేశాను గనక. నామినల్ రోల్స్ సమయానికి సిలబస్ ఒకవైపు, పరీక్ష ఫీజు వసూళ్లు ఇంకోవైపు ఉంటాయి. ఒకరు రిజిస్టరు పట్టుకుని చదువుతుంటే ఇంకొకరు టైపు చేస్తారు. తర్వాత ప్రింటు తీసి పిల్లల చేత సంతకాలు పెట్టించాలి. పెట్టిస్తాం కూడా. పదిహేనేళ్ల పిల్లలు స్నేహితుల పేర్లు చూసి నవ్వుకుంటూ సంతకం చేస్తారు తప్ప తేదీ చూసుకోరు. తల్లిదండ్రుల్లో సగం మందికి ఆ ఇంగ్లీషు జాబితా చదవడం రాదు. సవరణకి బోర్డు కొన్ని రోజులు గడువిస్తుంది. ఆ రోజుల్లో బడిలోనే రూపాయి ఖర్చు లేకుండా ముగిసేది, దాటిపోయిందా ఇలా రిజిస్టర్లు దించాల్సి వస్తుంది. ఒక ఏడు నేను సంతకం పెట్టిన రోల్లో ఒక కుర్రాడికి తల్లి పేరు గడిలో పక్కవాడి తల్లి పేరు పడింది. వాడు ఆర్మీ సెలక్షన్‌కి వెళ్లినప్పుడు గాని అది బయటపడలేదు.

ఇక పదో తరగతి దిద్దుబాటుకి కావలసినవి. దరఖాస్తు విద్యార్థి పేరు మీదే, కానీ వెళ్లాల్సింది చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా. బోర్డుకి నేరుగా పోస్టు చేస్తే తిరిగి బడికే వస్తుంది. హెడ్మాస్టరు తన కవరింగ్ లెటర్లో మూడు సంగతులు స్పష్టంగా రాయాలి: రిజిస్టర్లో ఏముంది, నామినల్ రోల్లో ఏమని వెళ్లింది, తేడా ఎవరివల్ల వచ్చింది. ఈ మూడోది రాయడానికే చాలామంది జంకుతారు. "మా కార్యాలయ పొరపాటు వల్ల" అని రాస్తే ఛార్జి మెమో తనకే వస్తుందని భయం. ఆ మాట రాయకుండా "విద్యార్థి కోరిక మేరకు పంపుతున్నాము" అని పంపితే, దిద్దుబాటు కాస్తా అవతలివాళ్ల కళ్లకి మార్పులా కనబడుతుంది. మేం వెళ్లిన హెడ్మాస్టరు మంచివాడు, ఉన్నదున్నట్టు రాశాడు.

దానికి జతగా రిజిస్టరు పేజీ నకలు. ఒక్క విద్యార్థి వరుస కాకుండా పేజీ మొత్తం, పైవాళ్లూ కిందివాళ్లూ కనబడేట్టు తీయించాలి. ఆ ఒక్క వరుసే తర్వాత దిద్దారా అన్న అనుమానం వస్తే పక్క వరుసల సిరా, దస్తూరీ చూసి తేల్చుకుంటారు. ప్రాథమిక పాఠశాల రికార్డు షీటు నకలు, నామినల్ రోల్ ఆఫీసు కాపీ, జనన ధ్రువపత్రం, అసలు మెమో, రుసుము కట్టిన రసీదు. వీటిని విద్యాశాఖ అధికారి అసలు రిజిస్టరుతో పోల్చి చూసి సంతకం పెట్టాక బోర్డుకి చేరతాయి. చదివిన ప్రైవేటు బడి మూతబడిపోతే దాని రిజిస్టర్లు విద్యాశాఖ కార్యాలయానికి చేరి ఉండాలి, అక్కడ వాకబు చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో చదివినవాళ్లకి ఏ బోర్డు అన్నది మనం ఇప్పుడు ఎక్కడ కాపురముంటున్నామన్న దాన్నిబట్టి కాదు, చదివిన బడి ఉన్న జిల్లానిబట్టి.

అసలు మెమో ఇచ్చేయాల్సి వస్తుందని ముందే తెలుసుకోవాలి. కొత్తది వచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు. అందుకని రెండు వైపులా కలర్ స్కాన్ తీసుకుని, నాలుగు కాపీలు గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించి, దరఖాస్తు మీద ముద్ర వేసిన రసీదు తీసుకుని అప్పుడు ఇవ్వాలి. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒరిజినల్స్ అడిగే నెలల్లో ఈ పని పెట్టుకోకూడదు. లామినేషన్ చేయించిన మెమో మీద ముద్రా సంతకమూ పడవు, పొర ఊడదీస్తే అక్షరాలు ఊడొస్తాయి. ఇంకొక మాట చెప్పాలంటేనే చిరాకు: కొందరు తామే పెన్నుతో దిద్దుకుంటారు. సున్నాని ఎనిమిది చేయడం ఎంతసేపు! ఆ క్షణంనుంచి అది అచ్చుతప్పు కాదు, ఫోర్జరీ. అప్పటిదాకా బోర్డు చేసిన తప్పు ఆ తర్వాత మనదౌతుంది.

స్వాతి కొత్త మెమో రావడానికి నాలుగు నెలలకి పైగా పట్టింది. అందులో రెండు నెలలు ఫైలు ఒక బల్ల మీద కదలకుండా ఉంది. నామినల్ రోల్ ఆఫీసు కాపీ మీద అప్పటి హెడ్మాస్టరు సంతకం లేదట. ఆయన వేరే జిల్లాకి బదిలీ అయిపోయాడు. చివరికి బోర్డు తన దగ్గరున్న ప్రతినే తీసి చూసుకుంది. మేం వెళ్లి ఆ సంగతి అడిగేదాకా ఎవరికీ తట్టలేదు.

డిగ్రీ తప్పు ఇంతకంటే తేలిక. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా దరఖాస్తు. ఆధారం పదో తరగతి మెమో, అంతే. పట్టా మీద సాధారణంగా పుట్టిన తేదీ ఉండదు కాబట్టి తేదీ గొడవ అక్కడిదాకా పోదు. పేరు మాత్రం అన్నిటి మీదా ఉంటుంది. స్వాతికి ఆరు సెమిస్టర్ మెమోలు, అన్నీ కలిపిన కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, పట్టా, మొత్తం తొమ్మిది కాగితాలు. ఒక్కోదానికీ విడిగా రుసుము. పట్టా ఒక్కటీ దిద్దించుకుంటే చాలు కదా అని మా తమ్ముడు. చాలదు. బయటి విశ్వవిద్యాలయాలకీ, చదువుని మదింపు చేసే సంస్థలకీ మార్కుల పత్రాలు వెళ్తాయి. పట్టాలో ఒక పేరు, మెమోల్లో ఒక పేరు ఉంటే ఇద్దరు మనుషులనుకుంటారు. పైగా వెరిఫికేషన్‌కి ఉత్తరం వచ్చినప్పుడు పరీక్షల విభాగం చూసేది తన టాబ్యులేషన్ రిజిస్టరు. దాంట్లో పేరు దిద్దారో లేదో అడిగి తెలుసుకోవాలి. కాగితం కొత్తదిచ్చి లోపల పాత పేరే ఉంచేసిన సందర్భాలున్నాయి. డిజిలాకర్ తెరిచి అక్కడ ఏ పేరు కనబడుతోందో చూసుకుంటే ఆ సంగతి బయటపడుతుంది.

స్వాతిది అదృష్టం. తెలుగువాళ్లలో అసలు చిక్కు వేరే చోట ఉంది. స్వాతి అన్న పేరునే చూడండి. మనవాళ్లు త కి టి పక్కన హెచ్ పెట్టి SWATHI అని రాస్తాం. ఉత్తరాదివాళ్లు హెచ్ లేకుండా SWATI అంటారు. లక్ష్మికి ఎక్స్ రాసేవాళ్లు కొందరు, కే ఎస్ హెచ్ రాసేవాళ్లు కొందరు. శ్రీనివాస్‌లో శ్రీకి ఐ ఒకరికి, రెండు ఈలు ఒకరికి. ఇవేవీ తప్పులు కావు. ఇప్పుడు ఒక అమ్మాయికి ఆధార్‌లో హెచ్ లేదు, పదో తరగతి మెమోలో ఉంది, దిద్దమంటుంది. బడికి వెళ్లి రిజిస్టరు తెరుస్తాం. అక్కడ "స్వాతి" అని తెలుగులో ఉంటుంది!

మన సర్కారు బళ్లలో తెలుగు మాధ్యమంలో చదివిన ఎందరికో రిజిస్టర్లో పేరు తెలుగులోనే ఉంది. వాళ్ల పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగ్ మొట్టమొదట పుట్టింది నామినల్ రోల్లో. టైపు చేసిన మాస్టారి అలవాటే ఆ పిల్లకి జీవితాంతం స్పెల్లింగ్ అయింది. దానికి ముందు "సరైన" స్పెల్లింగ్ అంటూ ఏ కాగితంలోనూ లేదు. మరి తప్పు పడిందని దేంతో రుజువు చేస్తాం? తెలుగు మాటకి రెండు స్పెల్లింగులూ చెల్లుతాయి కాబట్టి బోర్డు దృష్టిలో అసలు తప్పే జరగలేదు. ఇలాంటి చోట నేను ఇచ్చే సలహా ఒకటే: మెమోని కదపకండి, మిగతావాటిని మెమోకి సరిపెట్టండి. ఆధార్‌లో పేరుని జీవితంలో రెండుసార్లు మార్చుకోనిస్తారు. పాన్ మార్చుకోవడం ఇంకా తేలిక. మెమో చూపిస్తే బ్యాంకువాడు మారుస్తాడు. కష్టమైనదాన్ని స్థిరంగా ఉంచి తేలికైనవాటిని దాని చుట్టూ తిప్పుకోవాలి. ఒకవేళ రిజిస్టర్లో "సునీత" అని ఉండి మెమోలో SUNITHA కి బదులు SUMITHA పడితే అది వేరు. అది ఉచ్చారణనే మార్చేసింది, తెలుగు రిజిస్టరే దానికి రుజువు.

మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు. ఆధార్ దిద్దించుకోవడం తేలికని ముందు అది మార్చి, దాన్ని చూపించి మెమో మార్చమంటారు. పుట్టిన తేదీ విషయంలో అయితే ఇది మరీ నిరర్థకం. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆ కార్డిచ్చే సంస్థే చెప్పింది. 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాదం నష్టపరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా ఆధార్‌ని పక్కనబెట్టి, చనిపోయిన మనిషి వయసుకి బడి ధ్రువపత్రాన్నే తీసుకుంది. పైగా ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. ఆ ఒక్క అవకాశాన్నీ తప్పుడు తేదీకి ఖర్చుపెట్టుకున్నవాళ్లని చూశాను. ఈ మధ్య బడి పిల్లలకి అపార్ నంబరు కోసం ఆధార్ పేరుతో బడి పేరు కలవాలంటున్నారు. తేడా ఉందని హెడ్మాస్టరు కబురు పెడితే విసుక్కోకుండా వెళ్లి, ఏది దేనికి సరిపెట్టాలో జనన ధ్రువపత్రం చూసి తేల్చుకోవడానికి అదే సమయం. పదో తరగతి నామినల్ రోల్ ఇంకా వెళ్లలేదు కదా.

నోటరీ దగ్గర తీసుకునే "ఇద్దరూ ఒకరే" అఫిడవిట్ సంగతి కూడా చెప్పాలి. దాన్ని బ్యాంకు, గ్యాసు ఏజెన్సీ, కొన్నిచోట్ల కంపెనీల హెచ్‌ఆర్‌వాళ్లూ ఒప్పుకుంటారు. అది రెండు కాగితాల నడుమ వంతెన, అంతే. ఏ కాగితాన్నీ దిద్దదు. గెజిట్ ప్రకటన అంతకంటే బరువైనదే, కానీ అది ముందుకి పనిచేస్తుంది: ఫలానా తేదీనుంచి నా పేరు ఇది అని. వెనకటి మెమో ఇచ్చిన నాడు మీ పేరు అది కాదు కదా అంటే జవాబు లేదు. పుట్టిన తేదీ గెజిట్లో వేయించుకుంటే మారిపోతుందని చెప్పి డబ్బు పుచ్చుకునే మధ్యవర్తులున్నారు. పేరు మార్చుకోవడం మనిషి ఇష్టం. పుట్టిన రోజు ఇష్టాన్నిబట్టి ఉండదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపిల్లలు పట్టాలు మార్పించుకోవాలని తిరగడం అనవసరం, వివాహ ధ్రువపత్రం ఒక్కటి జతచేస్తే సరిపోతుంది.

మరి మార్పుకి దారే లేదా? సీబీఎస్‌ఈలో చదివినవాళ్లకి ఒక పెద్ద తీర్పు ఉంది. జిగ్యా యాదవ్ కేసులో 2021 జూన్ 3న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ చిక్కంతా ఒకచోట పెట్టి విడదీసింది. బడి రికార్డుతో సరిపోయేలా దిద్దమంటే కాదనడానికి కారణం లేదంది. బడి రికార్డులో లేకపోయినా జనన ధ్రువపత్రంలాంటి ప్రభుత్వ పత్రం చూపిస్తే, మా నిబంధన ఒప్పుకోదని గుడ్డిగా తోసేయకూడదంది. ప్రమాణపత్రం, పాత సర్టిఫికెట్ల అప్పగింత, రుసుము లాంటి షరతులు పెట్టుకోవచ్చు, కొత్తదాని మీద మార్పు సంగతి రాయొచ్చు. ఏ ఆధారపత్రమూ లేకుండా ఇష్టపడి పెట్టుకున్న కొత్త పేరైతే ముందు కోర్టు ప్రకటన, గెజిట్ ప్రచురణ అడగొచ్చంది. నేను పైన చెప్పిన దిద్దుబాటు, మార్పు తేడా సర్వీసులో మాకు అనుభవంతో తెలిసిందే, ఆ తీర్పులో అది చట్టం మాటల్లో ఉంది. ఆ తీర్పు మన రాష్ట్ర బోర్డులకి నేరుగా ఇచ్చిన ఆదేశం కాదు. అయినా హైకోర్టులో రిట్ వేసినప్పుడు వకీళ్లు మొదట పట్టుకెళ్లేది దాన్నే. జనన ధ్రువపత్రం అప్పట్లోనే, అంటే పుట్టిన కొత్తలోనే నమోదైనదైతే ఆ వాదనకి బలం. పాతికేళ్ల తర్వాత ఆలస్యపు నమోదు చేయించి తెచ్చినదైతే అవతలివాళ్లు మొదట చూసేది నమోదు తేదీనే.

రిజిస్టర్లోనే తప్పుంటే సివిల్ కోర్టు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద నా పుట్టిన తేదీ ఫలానా అని ప్రకటించమని దావా వేయాలి. బడినీ బోర్డునీ ప్రతివాదులుగా చేర్చాలి. ప్రభుత్వం మీద గనక మామూలుగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. బడి రిజిస్టర్లో ఉన్నంత మాత్రాన అది వేదవాక్కు కాదని 1988లోనే బిరద్‌మల్ సింఘ్వీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదొక ఎన్నికల తగాదా, అభ్యర్థులకి వయసు చాలిందా లేదా అన్నది ప్రశ్న. బడిలో ఆ తేదీ ఎవరు చెబితే రాశారు, వాళ్లకి ఎలా తెలుసు అన్నది తేలకపోతే ఆ రాతకి విలువ తక్కువంది కోర్టు. కాబట్టి తల్లి సాక్ష్యానికీ, ఆసుపత్రి రికార్డుకీ చోటుంది. కానీ గడువు ఉంది. ఇలాంటి దావాకి కాలపరిమితి మూడేళ్లు. పదో తరగతి నాటికి మైనరు కాబట్టి పద్దెనిమిది నిండాక లెక్క మొదలవుతుంది. ఇరవై ఒకటి దాటాక వేస్తే బోర్డు వకీలు ఎత్తే మొదటి అభ్యంతరం అదే. సివిల్స్ రాసేవాళ్లకి ఈ పని దరఖాస్తుకి ముందే ముగియాలి. యూపీఎస్సీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీనే తీసుకుంటుంది, ఆ తర్వాత మార్చమంటే వినదు.

సర్కారు ఉద్యోగంలో చేరాక తలుపు దాదాపు మూసినట్టే. 1984 నాటి ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం సర్వీసు రిజిస్టర్లో ఒకసారి ఎక్కిన పుట్టిన తేదీని గుమాస్తా పొరపాటు తేలితే తప్ప మార్చరు. రిటైర్‌మెంటుకి రెండు మూడేళ్ల ముందు జాతకం పట్టుకుని వచ్చేవాళ్లని చూసి చూసి కోర్టులూ గట్టిపడ్డాయి.

మా తరంలో రిజిస్టర్లోనే తేదీ తప్పున్నవాళ్లే ఎక్కువ. బడి తెరిచే రోజుల్లో మాస్టారే ఇంటింటికీ వచ్చి పిల్లల్ని పట్టుకెళ్లేవారు. పుట్టిన తేదీ అడిగితే పెద్ద తుపానుకి ముందనో, వరికోతలప్పుడనో చెప్పేవాళ్లు. ఆయన అయిదేళ్లు నిండేట్టు లెక్కేసి జూన్ 1 అని రాసుకునేవారు, లేకపోతే జులై 1. నాదీ జూన్ 1. మా అమ్మ లెక్కలో నేను మార్గశిర మాసంలో పుట్టాను, పోలిస్వర్గం వెళ్లిన మర్నాడు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు అంతకుముందు నెల ఆఖరి రోజున రిటైరవుతారు. మే 31 మధ్యాహ్నం మా మండలంలో ఒకే షామియానా కింద అయిదుగురం వరసగా కూర్చుని శాలువాలు కప్పించుకున్నాం. అయిదుగురివీ ఒకే పుట్టినరోజు. కేకు ఒక్కటే తెచ్చారు.